‘డీఏపీ ఎప్పుడొస్తది?’ అని రైతు అడిగితే

(నల్లగొండలో ఎరువుల దుకాణదారుల దేసీ డిప్లొమా తరగతిలో ఒక సీనియర్ డీలర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఎరువుల గ్రేడ్ల గురించి, చట్టం గురించి వ్యవసాయ అధికారులు మీకు ఇప్పటికే చెప్పి ఉంటారు. నన్ను పిలిచింది వేరే పనికి. రైతు ముందే రాయించుకున్న డీఏపీ కంపెనీ నుంచి రాలేదు. దుకాణం ముందు మనిషి నిలబడ్డాడు. ఫోను మోగుతోంది. అప్పుడు ఏం చెప్పాలి, ఏ తేదీ చెప్పాలి, బదులుగా ఏ బస్తా చూపాలి? ఇంత వరకే మాట్లాడతాను. మందుల సంగతి, విత్తనాల సంగతి ఈ రోజు ముట్టుకోను.

ముందు సరుకు ఎందుకు ఆగుతుందో రెండు ముక్కలు. మన దేశం వాడే డీఏపీలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. ఇక్కడ తయారయ్యే దానికి కూడా రాక్ ఫాస్ఫేట్, ఫాస్ఫారిక్ ఆమ్లం చాలా వరకు బయటివే. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో గొడవలు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. చైనా ఎగుమతులు బిగించింది. దాని దెబ్బ మిర్యాలగూడ దుకాణం దాకా తగిలింది. రైతుకు ఇదంతా చెప్పక్కర్లేదు. కానీ మీకు తెలిసి ఉండాలి. ఎందుకంటే హోల్‌సేల్ వాళ్లు "వచ్చే వారం వస్తది" అన్నప్పుడు ఆ మాట ఓడలో ఉన్న సరుకు గురించా, రైలెక్కిన సరుకు గురించా అని తిరిగి అడగగలిగేది తెలిసినవాడే.

బస్తా వచ్చే దారి ఒకసారి చూడండి. ఓడ రేవుకు వస్తుంది. అక్కడ బస్తాలకు ఎత్తి రైలు రేకుకు నింపుతారు. ఒక రేకు అంటే దాదాపు 2,600 టన్నులు, అంటే యాభై వేలకు పైగా బస్తాలు. అది మిర్యాలగూడకో జడ్చర్లకో వస్తుంది. వచ్చిందంతా మనకే కాదు. జిల్లాల వారీగా పంచుతారు. అందులో కొంత మార్క్‌ఫెడ్‌కు, అక్కడి నుంచి సొసైటీలకు పోతుంది. మిగిలింది ప్రైవేటు డీలర్లకు. లారీ మన గోదాం ముందు ఆగి, హమాలీలు దించి, ఆ స్టాకు వచ్చినట్టు మనం ఈపాస్ మిషన్‌లో నమోదు చేసుకున్నాకే అమ్మకం. మిషన్‌లో స్టాకు చూపించకుండా ఆధార్ పెట్టి బిల్లు కొట్టలేం. ‘గోదాంలో బస్తాలు కనపడుతున్నాయి కదా, ఇయ్యవేంది’ అని రైతు గొడవకు దిగేది సరిగ్గా ఈ మెట్టు దగ్గరే. ఆ పూట ఆలస్యం కూడా మీరు చెప్పే తేదీలో కలిసి ఉండాలి.

ఇక్కడే నా మొదటి మాట. ‘రేకు పడిందట’ అని వాట్సాప్‌లో వచ్చిన రోజును రైతుకు తేదీగా చెప్పొద్దు. యాభై వేల బస్తాల రేకు నుంచి మన దుకాణానికి వచ్చేది ఏ వందో రెండు వందలో. మా దగ్గర ఓడ రేవుకు చేరిన నాటి నుంచి సరుకు షెడ్డులో దిగే నాటికి రెండు వారాలకు తక్కువ ఎప్పుడూ పట్టలేదు. ఇది నా దుకాణం లెక్క. మీ ఊరికి ఇంకా ఎక్కువ పట్టొచ్చు. గత రెండు సీజన్ల లారీ బిల్లులు తీసి చూసుకోండి, మీ లెక్క మీకు దొరుకుతుంది. హోల్‌సేల్ వాళ్ల నోటి మాట కన్నా ఆ పాత బిల్లులే నమ్మకం.

ఇప్పుడు రెండో మాట. నేను ఎక్కువ సేపు ఆగేది దీని దగ్గరే. మన తేదీకి విలువ లేదు. పొలం తేదీకే విలువ.

డీఏపీ వేసేది ముఖ్యంగా భాస్వరం కోసమే. వరికి భాస్వరం మొత్తం ఆఖరి దమ్ములో, కరిగెటలో వేయమని మన వ్యవసాయ విశ్వవిద్యాలయం చెబుతుంది. కారణం తేలికే. యూరియా నీళ్లతో కదులుతుంది, భాస్వరం కదలదు. వేసిన చోటే మట్టిని పట్టుకుని కూర్చుంటుంది. అందుకే వేరు నాటుకునే పొరలోనే అది ఉండాలి. పిలకలు పెట్టే నాటికి భాస్వరం అందకపోతే ఆకులు మామూలు కంటే ముదురు ఆకుపచ్చగా, సన్నగా, నిటారుగా నిలబడతాయి. కింది ఆకుల్లో కొంచెం ఊదా రంగు కనపడొచ్చు. పిలకలు తక్కువ. దూరం నుంచి చూస్తే చేను పచ్చగానే ఉంటుంది కాబట్టి రైతు పట్టించుకోడు. దమ్ములో తప్పితే నాటిన వారం పది రోజుల్లోపు వేస్తే కొంత పనికొస్తుంది. ఆ తర్వాత వచ్చిన డీఏపీ బస్తా వరిలో చల్లడమంటే ఎక్కువ భాగం డబ్బు నీళ్లలో పోసుకోవడమే.

కాబట్టి ఆర్డరు రాసుకునేటప్పుడే పేరు, బస్తాలు, ఫోను నెంబరుతో ఆపొద్దు. పంట ఏది, ఎన్ని ఎకరాలు, నారు ఏ రోజు పోశారు అని అడిగి రాసుకోండి. నారు పోసిన తేదీ ఉంటే చాలు. దానికి ఇరవై అయిదు, ముప్పై రోజులు కలిపితే నాటు తేదీ వస్తుంది. సాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టులో అయితే నీళ్లు ఎప్పుడు వదులుతారో అదే నాటు తేదీ. బోరు కింద రైతు తేదీ వేరే. ఈ ఒక్క గడి నోటు పుస్తకంలో లేకపోతే, కొరత వచ్చిన రోజు ఎవరికి ఫోన్ చేయాలో కూడా మనకు తెలియదు.

ఒక లెక్క వేసి చూపిస్తాను. అర్థం కావడానికి వేసుకున్న లెక్క ఇది. జులై 10 అనుకోండి. మీ పుస్తకంలో 300 డీఏపీ బస్తాలు ఉన్నాయి. హోల్‌సేల్ వాళ్లు ఫోన్ చేసి "14న లారీ, 120 బస్తాలే. మిగతాది తర్వాత" అన్నారు. మీరు అడగాల్సింది ఒకటే: "మిగతాది రైలెక్కిందా?" "లేదు, ఓడ వచ్చే వారం" అన్నారు. అంటే ఆ రెండో లారీ జులైలో రాదు. ఆగస్టు మొదటి వారం అనుకోవాలి, అది కూడా అన్నీ కలిసొస్తేనే.

ఇప్పుడు పుస్తకం తీసి నాటు తేదీల ప్రకారం విడదీస్తే, జులై 15 నుంచి 25 లోపు నాటేవాళ్లవి 140 బస్తాలు తేలాయి. జులై 26 నుంచి ఆగస్టు 10 దాకా నాటేవాళ్లవి 100. కాలువ నీళ్ల కోసం ఆగి ఆ తర్వాత నాటేవాళ్లవి 60. ముందు రాయించుకున్నవాడికే ముందు అని చాలామంది పంచుతారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ముందు రాయించుకున్న పెద్దాయన ఆగస్టు 15న నాటేవాడైతే ఆయన బస్తా నెల రోజులు ఇంట్లో ఉంటుంది. రేపు దమ్ము చేసేవాడు ఉత్త చేతులతో పోతాడు. నేనైతే మొదటి లారీ మొత్తం మొదటి గుంపుకే ఇస్తాను. మూడో గుంపుకు ఆ మాట దాచకుండా చెబుతాను.

మొదటి గుంపుకు అయినా 20 బస్తాలు తక్కువ పడ్డాయి కదా. రెండో గుంపు అసలు చిక్కు. వాళ్లకు రెండో లారీ తేదీ సరిగ్గా నాటు మీద పడుతోంది. వస్తే వస్తుంది, రాకపోతే లేదు. వాళ్లకు ‘ఆగస్టు 5’ అని ఒక తేదీ చెప్పి ఊరుకుంటే, ఆగస్టు 4 దాకా ఆగి, 5న మన దుకాణం మీద పడతారు. అప్పటికి నారు ముదిరిపోతుంది. అందుకే వాళ్లకు సరుకు తేదీకి ముందు ఇంకో తేదీ చెప్పాలి, అది కబురు తేదీ. ‘జులై 22న నేనే ఫోన్ చేస్తాను. రేకు బయలుదేరితే మీ బస్తాలు ఉన్నట్టే. బయలుదేరకపోతే ఆ రోజే వేరే ఎరువు తీసుకుపోండి’ అని. ఆ 22వ తేదీ మీ చేతిలో ఉంది. సరుకు తేదీ మీ చేతిలో లేదు. మీ చేతిలో ఉన్న తేదీకే మాట ఇవ్వండి. 22న మంచి కబురు లేకపోయినా ఫోన్ చేయాల్సిందే. కబురు లేదు అన్నది కూడా కబురే.

(సభలో ఒకరు: "సార్, అందరికీ ఫోన్ చేయాలంటే ఎట్లా? డెబ్బై మంది ఉంటారు.")

డెబ్బై మందికి ఒకే మాట పనికిరాదు తమ్మీ, కానీ మూడు గుంపులకు మూడు మాటలు చాలు. వాట్సాప్‌లో మీ గొంతుతో ముప్పై సెకన్లు రికార్డు చేసి పంపండి. చదవడం రాని పెద్దవాళ్లకు కూడా అందుతుంది. మామూలు ఫోను వాడేవాళ్లకు మాత్రం కాల్ చేయక తప్పదు. రెండో గుంపుకు నేను చెప్పే మాట ఇట్లా ఉంటుంది:

"అన్నా, దుకాణం నుంచి మాట్లాడుతున్న. మీరు నాలుగు డీఏపీ రాయించిన్రు. కంపెనీ నుంచి సరుకు తక్కువ వచ్చింది, అది ఈ వారం నాటేటోళ్లకు ఇస్తున్నం. మీ నాటు 30వ తారీఖు అని రాసుకున్న. తర్వాతి లారీ ఆగస్టు 5 దాకా రాకపోవచ్చు. 22న నేనే ఫోన్ చేస్త. ఆగుడు ఇష్టం లేకుంటే సూపర్ గానీ, ఇరవై ఇరవై గానీ ఇప్పుడే ఉంది, ఎకరానికి ఎన్ని బస్తాలు పడతయో, ఎంతయితదో లెక్క చెప్త. అడ్వాన్సు వాపస్ కావాలన్నా ఈ రోజే తీసుకోవచ్చు."

ఇందులో ‘క్షమించాలి’, ‘అనివార్య కారణాల వల్ల’ లాంటి ముక్క ఒక్కటి కూడా లేదు, గమనించండి. రైతుకు కావాల్సినవి ఎన్ని బస్తాలు, ఏ రోజు, లేకపోతే ఏంటి, నా పైసలేమైతయి అన్నవే. అడ్వాన్సు మాట మనమే ముందు ఎత్తాలి. వాళ్లు అడిగాక చెబితే అప్పటికే అనుమానం వచ్చి ఉంటుంది. నిజానికి డబ్బు వాపస్ అడిగేవాళ్లు చాలా తక్కువ.

ఇక బదులు బస్తా. ఇక్కడ మన దుకాణాల్లో నోటికి వచ్చే మాట ‘అదీ ఇదీ ఒకటే, తీస్కపో’. ఒకటి కాదు. దయచేసి ఆ మాట అనొద్దు.

తేలికైన మార్పు నుంచి మొదలుపెడదాం. చాలామంది రైతులు ఫలానా కంపెనీ డీఏపీయే కావాలంటారు. వేరే కంపెనీది ఎదురుగా ఉన్నా ‘అది పని చెయ్యదు’ అని పోతారు. 2022 నుంచి సబ్సిడీ బస్తాలన్నీ ‘భారత్’ పేరుతోనే వస్తున్నాయి. ఏ కంపెనీది అయినా భారత్ డీఏపీ అంటే 18-46-0. 50 కిలోల బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం. గింజ రంగు వేరుగా ఉండొచ్చు, లోపలి లెక్క మారదు. కొరతలో సగం గొడవ ఇక్కడే తీరుతుంది. బస్తా తిప్పి ఆ 18-46 అంకెల మీద వేలు పెట్టి చూపించండి. మాటతో కన్నా వేలితో చూపిస్తే నమ్ముతారు.

అసలు డీఏపీయే లేనప్పుడు బస్తాకు బస్తా మార్చకూడదు, భాస్వరానికి భాస్వరం మార్చాలి. వరికి ఎకరాకు కావాల్సింది 20 నుంచి 24 కిలోల భాస్వరం. ఒక డీఏపీ బస్తా 23 కిలోలు ఇస్తుంది కాబట్టే ఎకరానికి ఒక బస్తా అనే అలవాటు మనకు వచ్చింది. ఇప్పుడు రైతు దానికి బదులు ఒక బస్తా ఇరవై ఇరవై, అంటే 20-20-0-13 తీసుకుపోయాడనుకోండి. 50 కిలోల్లో భాస్వరం 10 కిలోలే. సగం కూడా అందలేదు. పంట పిలకలు వేయకపోతే ‘ఆ దుకాణపాయన ఇచ్చిన మందు పనిచెయ్యలే’ అంటాడు. మందు పనిచేసింది, లెక్కే తప్పింది.

సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, మనం సూపర్ అనేది, భాస్వరం 16 శాతం. మూడు బస్తాలు అంటే 150 కిలోలు, అందులో 24 కిలోల భాస్వరం. డీఏపీలో ఉండే నత్రజని ఇందులో లేదు కాబట్టి దమ్ములో 20 కిలోల యూరియా కలుపుకుంటే 9 కిలోల నత్రజని వస్తుంది. ఇది ఒక డీఏపీ బస్తాకు సరిసమానం. పైగా సూపర్‌లో 11 శాతం గంధకం, సున్నం కూడా ఉంటాయి. ఇబ్బందులు కూడా చెప్పాలి. ఒకటి బరువు. ఎకరానికి ఒక బస్తా మోసేవాడు మూడు మోయాలి. ఆటో ట్రాలీ కిరాయి పెరుగుతుంది. ఇంకోటి, సూపర్‌ను యూరియాతో ముందే కలిపి ఉంచితే తడిసి ముద్దవుతుంది. గట్టు మీద కలిపి అప్పుడే చల్లాలి, లేదా విడివిడిగా చల్లాలి. ఈ మాట చెప్పకుండా పంపితే రాత్రే కలిపి పెట్టుకుంటారు. పొద్దున బస్తాలో అడుసు ఉంటుంది.

ఇరవై ఇరవై అయితే ఎకరానికి రెండు బస్తాలు. 20 కిలోల భాస్వరం, 20 కిలోల నత్రజని, 13 కిలోల గంధకం. ఇక్కడ నత్రజని డీఏపీ కంటే 11 కిలోలు ఎక్కువ పడింది. దాన్ని పట్టించుకోకుండా రైతు అలవాటు ప్రకారం మళ్లీ యూరియా దంచితే చేను మెత్తబడి తెగుళ్లు, దోమ. కాబట్టి ‘మొదటి పైపాటులో యూరియా అర బస్తా తగ్గించు’ అని బిల్లు వెనకాలే రాసివ్వండి.

ఏది చూపాలి అన్నది మీ దగ్గర యూరియా ఉందా లేదా అన్నదాని మీద కూడా ఉంటుంది. 2025 వానాకాలంలో యూరియా కోసమే చెప్పులు లైన్లో పెట్టిన రోజులు చూశాం. అట్లాంటి సీజన్లో ‘మూడు సూపర్, అర బస్తా యూరియా’ అని చెప్పడం కాగితం మీద సరైనదే, చేతికి దొరకదు. అప్పుడు నత్రజని తనలోనే ఉన్న ఇరవై ఇరవై మేలు. బదులు చూపే ముందు ఆ బదులులోని ప్రతి బస్తా మీ గోదాంలో ఉందా అని చూసుకోండి. బదులుకు కూడా కొరత వచ్చి మళ్లీ తేదీ మార్చితే ఇక మీ మాట ఎవరూ వినరు.

డబ్బు సంగతి. నాలుగు ఎకరాల రైతు, నాలుగు డీఏపీ రాయించాడు. బస్తా 1,350 లెక్కన 5,400 అనుకుని వచ్చాడు. మీ దగ్గర రెండే ఉన్నాయి. రెండు ఎకరాలకు డీఏపీ, రెండు ఎకరాలకు సూపర్ అన్నారు. సూపర్ ధర కంపెనీని బట్టి మారుతుంది, లెక్క కోసం 600 అనుకుందాం. రెండు డీఏపీ 2,700. ఆరు సూపర్ 3,600. రెండు ఎకరాలకు 40 కిలోల యూరియా కావాలి, అంటే 45 కిలోల బస్తా ఒకటి, 266 రూపాయల 50 పైసలు. మొత్తం 6,566 రూపాయల 50 పైసలు. అనుకున్న దానికంటే పదకొండు వందల పైచిలుకు ఎక్కువ. ట్రాలీ కిరాయి వేరే. ఇది ఫోన్‌లోనే చెప్పండి. దుకాణానికి వచ్చి కౌంటర్ దగ్గర విన్నాడంటే జేబులో అంత లేక వెనక్కి పోతాడు, లేదా మీరు మోసం చేస్తున్నారనుకుంటాడు.

ఇంకో దారి ఉంది, దుకాణదారు నోట అరుదుగా వచ్చేది. భూసార పరీక్ష కార్డు అడగండి. మన దగ్గర ఏళ్ల తరబడి డీఏపీ వేసీ వేసీ చాలా పొలాల్లో భాస్వరం నిల్వ పేరుకుంది. కార్డులో భాస్వరం ఎక్కువ అని ఉంటే సిఫారసు చేసిన మోతాదు తగ్గించొచ్చు. ఎంత తగ్గించాలో వ్యవసాయ విస్తరణ అధికారిని అడిగి చెప్పండి. ఆ రైతుకు రెండు సూపర్‌తోనే పని జరగొచ్చు. మనకు అమ్మకం తగ్గుతుంది, నిజమే. కానీ మొదటి గుంపులో తక్కువ పడ్డ ఆ 20 బస్తాలు ఇక్కడే పూడుతాయి.

(సభలో ఒకరు: "కంపెనీ వాళ్లు డీఏపీ కావాలంటే నానో సీసాలు కూడా తీసుకోమంటున్నారు. మేం రైతుకు అంటగట్టక ఏం చేస్తాం?")

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. ఒక ఎరువుకు ఇంకోటి ముడిపెట్టి అమ్మొద్దని ప్రభుత్వం ఎన్నోసార్లు చెప్పింది. మీకు పైనుంచి ముడిపెడితే మీరు లిఖితపూర్వకంగా వ్యవసాయ శాఖకు చెప్పండి. రైతు మీదకు నెట్టొద్దు. నానో డీఏపీ ఆకు మీద కొట్టుకోవడానికి, విత్తనానికీ నారుకూ పట్టించడానికి వచ్చిన సరుకు. కావాలన్నవాడికి అట్లాగే చెప్పి అమ్మండి. దమ్ములో వేయాల్సిన 23 కిలోల భాస్వరానికి అర లీటరు సీసా బదులు అని మాత్రం చెప్పొద్దు. కొరత రోజున బలవంతంగా చేతిలో పెట్టిన సీసాను రైతు మర్చిపోడు. వచ్చే సీజన్ విత్తనం పక్క దుకాణంలో కొంటాడు.

చట్టం గురించి ఒక్క మాటే. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం స్టాకు, ధరల బోర్డు దుకాణంలో కనపడేలా పెట్టాలి. కొరత రోజుల్లో ఆ బోర్డే మనకు అండ. ఉదయం డీఏపీ 120, సాయంత్రం 35 అని రాసి ఉంటే ‘వెనక దాచిండు’ అనే మాట పుట్టదు. నాదొక అలవాటు, అదే బోర్డు కింద ‘తర్వాతి కబురు: జులై 22’ అని కూడా రాస్తాను. చట్టం అడగదు, కానీ దాంతో ఫోన్లు బాగా తగ్గుతాయి.

కొరత వచ్చిందంటే ఇంకొకరు కూడా వస్తారు. బయటి నుంచి ఆటోలో, బిల్లు లేకుండా, కొంచెం తక్కువ ధరకు ‘డీఏపీ’ తెచ్చి ఊర్లో అమ్మేవాళ్లు. మీరు తేదీ చెప్పకపోతే మీ రైతు నేరుగా వాళ్ల దగ్గరికే పోతాడు. ఫోన్ చేసినప్పుడే ఆ మాట చెప్పండి, పరీక్ష కూడా నేర్పండి. నాలుగైదు గింజలు అరచేతిలో వేసుకుని, తాంబూలం సున్నం కొంచెం పెట్టి బొటనవేలితో నలిపితే అసలు డీఏపీ ముక్కు పట్టుకునేంత ఘాటు వాసన కొడుతుంది, అది అమోనియా. పెనం మీద సన్నమంట పెట్టి వేడి చేస్తే గింజ ఉబ్బుతుంది. ఇవి ప్రయోగశాల పరీక్షకు సాటి కావు. ఘాటు వచ్చినంత మాత్రాన 46 శాతం ఉందని కాదు. కానీ ఏ వాసనా రాని గింజ డీఏపీ కాదని తెలుస్తుంది.

చివరికి రద్దు సంగతి. ఆగస్టు 5 అనుకున్న లారీ ఆగస్టు 20న వచ్చింది. రెండో గుంపులో ఒకాయన ఏమీ వేయకుండానే జులై 30న నాటాడు. లారీ చూసి పరుగెత్తుకొచ్చి "నా నాలుగు బస్తాలు ఇయ్యి, ఇప్పుడు చల్లుకుంట" అంటాడు. అమ్మడం తేలిక, మన పుస్తకంలో ఆర్డరు కూడా తీరుతుంది. కానీ నాటి మూడు వారాలయింది. నేనైతే "అన్నా, ఇప్పుడు ఇది వరిలో వేస్తే దండగ. యూరియా, పొటాష్ తీస్కపో. డీఏపీ యాసంగి నాటుకు ఉంచుత, నీ పేరు మొదట రాస్త" అంటాను. కొందరు వింటారు, కొందరు కోప్పడి కొనుక్కుని పోతారు. స్టాకు ఉండి అడిగినవాడికి ఇవ్వకపోవడం తప్పవుతుంది కాబట్టి పట్టుబడితే ఇవ్వాల్సిందే. చెప్పడం వరకే మన పని.

(సభలో ఒకరు: "మాది నాగర్‌కర్నూల్ వైపు సార్. మా దగ్గర పత్తి, వేరుశనగ. మాకూ ఇదే లెక్కా?")

మీకు పని ఇంకా తేలిక. పత్తికి ఆఖరి దుక్కిలో ఎకరానికి 150 కిలోల సూపర్ వేయమనే విశ్వవిద్యాలయం చెప్పేది, అంటే మూడు బస్తాలు. అలవాటు కొద్దీ డీఏపీ అడుగుతున్నారు గానీ సిఫారసులో ఉన్నది సూపరే. వేరుశనగకు ఎకరానికి 16 కిలోల భాస్వరం, రెండు బస్తాల సూపర్‌తో సరిపోతుంది. ఆ పంటకు గంధకం, సున్నం రెండూ కావాలి, డీఏపీలో ఆ రెండూ లేవు. పూత దశలో జిప్సం మాత్రం విడిగా వేసుకోవాల్సిందే. కాబట్టి మీ రైతుకు ‘డీఏపీ లేదు, సూపర్ తీస్కో’ అని తక్కువ చేసి చెప్పొద్దు. డీఏపీ ఉన్న ఏడాది కూడా వేరుశనగకు సూపరే చూపించండి. అప్పుడు కొరత వచ్చిన ఏడాది మీరు ఫోన్ చేయాల్సిన పేర్లు మొక్కజొన్న, వరి వాళ్లవే మిగులుతాయి. జింకు సల్ఫేట్ అడిగినవాళ్లకు మాత్రం ఒకటి గుర్తు చేయండి, దాన్ని సూపర్‌తో గానీ డీఏపీతో గానీ కలిపి చల్లకూడదు, రోజులు ఎడం ఇవ్వాలి.

నోటు పుస్తకం నమూనా ఒకటి తెచ్చాను. నారు పోసిన తేదీ గడి ఎక్కడ పెట్టుకోవాలో చూడండి, టీ తర్వాత ముందు బల్ల మీద ఉంటుంది.